గుర్రమా, బిషపా? బంట్ల తాళం చూసి తేల్చుకునే పద్ధతి

విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద శని, ఆదివారాలు పిల్లలకు చెస్ చెబుతుంటాను. హంపి, హరికృష్ణ, హారిక పేర్లు చెప్పి తీసుకొచ్చే తల్లిదండ్రులే ఎక్కువ. పిల్లలు వచ్చేటప్పటికే ఒక సూత్రం బట్టీపట్టి ఉంటారు: ఓపెన్ పొజిషన్‌లో బిషప్ గొప్ప, క్లోజ్డ్ పొజిషన్‌లో గుర్రం గొప్ప. సూత్రంలో తప్పేమీ లేదు. కానీ ఆట మధ్యలో బిషప్ మీద చెయ్యి వేసి, ఎదుటి గుర్రాన్ని కొట్టాలా వద్దా అని ఆలోచించే క్షణంలో అది పెద్దగా పనికిరాదు. ఎందుకంటే ఆ క్షణంలో బోర్డు పూర్తిగా తెరిచీ ఉండదు, పూర్తిగా మూసీ ఉండదు. సగం సగంగా ఉంటుంది.

అందుకే ఈ వ్యాసంలో ఒక్క ప్రశ్ననే పట్టుకుంటాను: బిషప్ ఇచ్చి గుర్రాన్ని తీసుకునే మార్పిడి ఎప్పుడు చెయ్యాలి, ఎప్పుడు మానుకోవాలి? ఇంట్లో పెద్దవాళ్లు బిషప్‌ని శకటు అంటారు. టోర్నమెంట్లో అందరూ బిషప్ అనే అంటారు కాబట్టి ఇక్కడా అదే మాట. గళ్ల పేర్లు, ఎత్తులు స్కోర్‌షీట్‌లో రాసుకున్నట్టే ఇస్తున్నాను. పక్కన బోర్డు పెట్టుకుని చదవండి.

మొదటి అడుగు: మధ్య బంట్లు మాత్రమే చూడండి

c నుంచి f వరకు ఉన్న నాలుగు నిలువు వరసల్లో బంట్లు ఎలా ఉన్నాయో చూడండి. a, h వరసల సంగతి తర్వాత. తెలుపు e4, నలుపు e5 లాగా రెండు బంట్లు ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడితే ఆ వరసకు గొళ్లెం పడినట్టు. మధ్యలో ఒక్క వరసలో కూడా గొళ్లెం లేకపోతే, పైగా ఒకటి రెండు బంట్లు కొట్టుకుపోయి ఉంటే, బిషప్‌ని మామూలుగా ఇవ్వకూడదు. ఎత్తుకు లాభం లెక్క తేలితేనే ఇవ్వాలి. రెండు మూడు గొళ్లేలు పడి ఉంటే గుర్రం విలువ పెరుగుతుంది.

ఇది చూడటానికి పది సెకన్లు పడుతుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, తప్పులు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే.

రెండో అడుగు: తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి

మూసి ఉన్న తలుపుకి, గోడకి తేడా ఉంది కదా. తలుపైతే ఎవరి దగ్గరో తాళంచెవి ఉంటుంది. బోర్డు మీద ఆ తాళంచెవి ఒక బంటు. అది ఒక గడి ముందుకు జరిగి, గొళ్లెం వేసిన ఎదుటి బంటును ఢీకొంటుంది. అనుభవమున్న ఆటగాళ్లు దీన్ని పాన్ బ్రేక్ అంటారు. నేను పిల్లలకు తాళంచెవి బంటు అని చెబుతాను.

మూడు ప్రశ్నలు వేసుకోవాలి. గొళ్లేన్ని ఢీకొట్టగల బంటు ఏది? అది అక్కడికి చేరడానికి ఎన్ని ఎత్తులు కావాలి? చేరాక ఎదుటివాడు దాన్ని కొట్టేసినా గొళ్లెం ఊడుతుందా, లేక అలాగే ఉంటుందా? ఈ మూడో ప్రశ్న చాలామందికి తట్టదు. కింద చెప్పే ఆటంతా దాని మీదే నడుస్తుంది.

ముందు మా క్లాసులో వారం వారం కనబడే పొజిషన్ చూద్దాం.

```
1.e4 e5 2.Nf3 Nc6 3.Bc4 Bc5 4.d3 Nf6
5.Nc3 d6 6.Bg5 h6 7.Bxf6 Qxf6 8.Nd5 Qd8
```

పదకొండేళ్ల కుర్రాడొకడు తెల్లపావులతో ఆడినప్పుడల్లా 7.Bxf6 కొట్టేవాడు. ఎందుకురా అంటే, "సార్, e4, e5 ఎదురెదురుగా ఉన్నాయి కదా, క్లోజ్డ్. పైగా నా గుర్రం d5 లో కూర్చుంటుంది" అనేవాడు. కారణాలు రెండూ పైకి బాగానే ఉన్నాయి. రెండూ నిలబడవు.

గొళ్లెం ఒకటే ఉంది, అది e వరసలో. తాళంచెవులు రెండు పక్కలా ఉన్నాయి. తెలుపు c3 ఆడి d4 తోయగలదు. నలుపు c6 ఆడి వీలు చూసుకుని d5 తోయగలదు. ఎవరికైనా రెండు మూడు ఎత్తుల పని. అంటే ఇది క్లోజ్డ్ కాదు, ఇంకా తెరవని పొజిషన్, అంతే. ఇక d5 గుర్రం సంగతి. నలుపు c బంటు ఇంకా c7 లోనే ఉంది. c6 లో ఉన్న నల్లగుర్రం పక్కకు తప్పుకున్న రోజున c6 అని ఒక్క గడి తోస్తే తెల్లగుర్రం లేవాల్సిందే. అంతదాకా కూడా అక్కర్లేదు. 9.c3 Ne7 అనగానే 10.Nxe7 Qxe7 జరిగిందనుకోండి. తెల్లగుర్రం మూడు ఎత్తులు నడిచి, రెండే ఎత్తులు నడిచిన గుర్రంతో మారిపోయింది. ఇప్పుడు నలుపుకి బిషప్‌లు రెండూ ఉన్నాయి, తాళంచెవి కూడా ఉంది. తెలుపు వెంటనే ఓడిపోదు, ఆట దాదాపు సమానమే. కానీ ఊరికే ఇవ్వాల్సిన అవసరం లేనిది ఇచ్చింది.

గుర్రానికి ఒక గడి గట్టి స్థావరం అనాలంటే, పక్క వరసల్లోని ఎదుటి బంటు ఏదీ దాన్ని ఎప్పటికీ తరమలేకపోవాలి. 'ఇప్పుడు తరమలేదు' అంటే సరిపోదు.

మూడో అడుగు: బిషప్‌కి దారి ఉందో లేదో వేలు పెట్టి చూడండి

తన రంగు గళ్లలోనే సొంత బంట్లు ఉంటే అది చెడ్డ బిషప్ అని అందరూ నేర్పుతారు. నేనూ నేర్పుతాను, తర్వాత కొంత వెనక్కి తీసుకుంటాను. బంట్లను లెక్కపెట్టడం కంటే, రెండు ఎత్తుల్లో ఆ బిషప్ క్షేమంగా చేరగలిగే గళ్లను వేలు పెట్టి చూపించడం మేలు. ఎదుటి సగంలో మూడు నాలుగు గళ్లు దొరికితే దానికి దారి ఉన్నట్టే. సొంత సగంలోనే రెండు గళ్ల మధ్య తిరుగుతుంటే అది పొడుగాటి బంటు.

వన్‌టౌన్ సందుల్లో ఆర్టీసీ బస్సు ఇరుక్కుంటే డ్రైవర్ ఎంత గొప్పవాడైనా ఏం చేస్తాడు? సైకిల్‌వాడు ఎత్తుకుని దాటేస్తాడు. గుర్రం ఆ సైకిల్. అదే హైవే మీద పోటీ పెడితే సంగతి వేరు. b3 లో ఉన్న బిషప్ దారి ఖాళీగా ఉంటే g8 కి ఒక్క ఎత్తులో పోతుంది. b3 లో ఉన్న గుర్రానికి d4, f5, h6 మీదుగా నాలుగు ఎత్తులు కావాలి.

నాలుగో అడుగు: కొట్టాక బంట్లు ఎలా మారతాయో చూడండి

మార్పిడి అంటే పావులు మాత్రమే పోవు. తిరిగి కొట్టే బంటు తన వరస వదిలి పక్క వరసలోకి వస్తుంది. దాంతో కొత్త తలుపు తెరుచుకోవచ్చు, లేదా ఉన్న ఆఖరి తలుపు కూడా మూసుకుపోవచ్చు. దీనికి నేను చూపించే ఆట 1919లో హేస్టింగ్స్‌లో విలియం వింటర్ తెల్లపావులతో కపబ్లాంకా మీద ఆడినది. పాతదే, కానీ ఇంతకంటే తేటగా చూపించే ఆట నాకు దొరకలేదు.

```
1.e4 e5 2.Nf3 Nc6 3.Nc3 Nf6 4.Bb5 Bb4
5.O-O O-O 6.Bxc6 dxc6 7.d3 Bd6 8.Bg5 h6
9.Bh4 c5 10.Nd5 g5 11.Nxf6+ Qxf6 12.Bg3 Bg4
13.h3 Bxf3 14.Qxf3 Qxf3 15.gxf3 f6
```

పదమూడో ఎత్తు దగ్గర ఆగండి. నలుపుకి రెండు బిషప్‌లు ఉన్నాయి. g4 లో ఉన్నది చురుకైనది. d6 లో ఉన్నది సొంత బంట్లు c5, e5 వెనకాల నిలబడి ఉంది. బట్టీ సూత్రం ప్రకారం చురుకైన బిషప్‌ని దాచుకోవాలి. కపబ్లాంకా దాన్నే ఇచ్చి f3 గుర్రాన్ని తీసేశాడు. ఎందుకు?

g3 లో ఉన్న తెల్ల బిషప్‌ని చూడండి. ముందు e5 బంటు గోడలా ఉంది. g5 బంటు h4 ని కాస్తోంది. ఆ బిషప్ బయటపడాలంటే ఒకే మంచి దారి: f3 గుర్రం తప్పుకోవాలి, f2 బంటు f3 కి జరగాలి, అప్పుడు బిషప్ f2 లోకి దిగి అటువైపు ఐమూల పట్టుకోవాలి. ఇప్పుడు గుర్రాన్ని కొట్టి, మంత్రులు మారి, g బంటు f3 లోకి వచ్చాక ఏమైంది? తెలుపుకి f2, f3 లో ఒకదాని ముందు ఒకటి రెండు బంట్లు. ముందుది కదలకుండా వెనకది కదలదు. f2 గడి బిషప్‌కి ఇక దొరకదు. తెలుపు తన చేత్తోనే తలుపుకి ఇటుకలు పేర్చినట్టయింది. పైగా, గోడలు దూకగల ఒకే ఒక్క తెల్లపావు ఆ గుర్రమే. అదీ పోయింది.

ఇప్పుడు తాళంచెవులు లెక్కపెడదాం. తెలుపు c3 ఆడి d4 తోస్తే? నలుపు e5 బంటుతో కొట్టదు, c5 బంటుతో కొడుతుంది. తెలుపు c బంటుతో తిరిగి కొట్టినా e5 అక్కడే ఉంటుంది. తలుపు తెరుచుకోలేదు. f4 తోస్తే? నలుపు e బంటుతో కొడుతుంది, బిషప్ h2 కి వెనక్కి పోవాలి, అక్కడ ఇంకా ఇరుకు, పైగా ఒక బంటు పోయింది. h4 తోసి g5 బంటుతో మార్చుకుంటే? వింటర్ అదే చేశాడు. నలుపు h6 బంటు g5 కి వచ్చి కూర్చుంది, గోడ ఎప్పటిలాగే ఉంది. మూడో ప్రశ్న అంటే ఇదే. తాళంచెవి ఉంది, తిప్పితే తిరుగుతోంది, తలుపు మాత్రం రావడం లేదు.

నలుపు సంగతి చూస్తే దాని తాళంచెవులన్నీ మంత్రి వైపు ఉన్నాయి: b5, c4. అక్కడికి g3 బిషప్ ఏ దారినా రాలేదు. కపబ్లాంకా రాజును f7 మీదుగా e6 కి తెచ్చాడు, రెండు ఏనుగుల్నీ అటు నడిపాడు, c6, b5, c4 తోసి తెరిచాడు. ఒక పావు ఎక్కువున్నవాడు ఆడినట్టే ఆడాడు. 29 ఎత్తుల్లో వింటర్ లొంగిపోయాడు. d6 బిషప్ చివరిదాకా ఏమంత ఘనకార్యం చెయ్యలేదు. చెడ్డ బిషప్ అని దాన్ని తిట్టడానికి కూడా ఎవరికీ గుర్తు రాదు.

ఈ రెండు ఉదాహరణల్లోనూ మార్పిడి ఒకటే, బిషప్ ఇచ్చి గుర్రం తీసుకోవడం. మా కుర్రాడి ఆటలో తాళంచెవులు ఎదుటివాడికి కూడా ఉన్నాయి. కపబ్లాంకా ఆటలో పనిచేసే తాళంచెవులన్నీ కొట్టినవాడి చేతిలోనే ఉన్నాయి.

అయిదో అడుగు: తేల్చుకున్నాక దానికి తగ్గట్టు ఆడండి

బిషప్ ఉంచుకున్నారా, ఇక తెరిచే పని మీదే. మధ్య బంట్లు మార్చుకోండి, రెండు వైపులా బంట్లు ఉండేలా చూసుకోండి. గుర్రం ఉంచుకున్నారా, బంటు మార్పిడి ఎదురైనప్పుడల్లా పక్కకు తోసి గొళ్లెం వెయ్యగలమా అని ముందు ఆలోచించండి. నేను చూసే తప్పుల్లో సగం ఇక్కడివే. సరిగ్గా ఆలోచించి గుర్రం ఉంచుకుంటారు, అయిదెత్తుల తర్వాత బోర్ కొట్టి f4 తోసి బోర్డంతా తెరిచేస్తారు. మంచి ఎత్తును చెడ్డ ఎత్తుతో రద్దు చేసుకోవడం.

ఎండ్‌గేమ్‌లో ఇదే లెక్క ఎలా కనబడుతుంది

పావులు పోయాక తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ముందు బిషప్ వైపు నుంచి. నల్లగుర్రం a5 లో, తెల్ల బిషప్ d5 లో పెట్టండి. గుర్రం పోగలిగిన గళ్లు నాలుగే: b7, c6, c4, b3. నాలుగూ బిషప్ చూపు కిందే ఉన్నాయి. అంచున ఉన్న గుర్రానికి అదే వరసలో మూడు గళ్ల దూరంలో బిషప్ నిలబడితే ఇలా కట్టిపడేసినట్టు అవుతుంది. e8 గుర్రం, e5 బిషప్ పెట్టినా అంతే. ఆ తర్వాత రాజును నడిపించి గుర్రాన్ని పట్టుకోవడమే. అయితే దీనికి ఐమూలలు రెండూ ఖాళీగా ఉండాలి. మధ్యలో ఒక్క బంటు అడ్డొచ్చినా గుర్రం తప్పించుకుంటుంది. అందుకే ఇది ఓపెన్ పొజిషన్ వరం.

ఇక గుర్రం వైపు నుంచి. ఇది నేను స్వయంగా తిన్న దెబ్బ. కొన్నేళ్ల కిందట గుంటూరులో ఒక ఓపెన్ టోర్నమెంట్‌లో నల్లపావులతో దాదాపు ఇలాంటి పొజిషన్‌కి వచ్చాను. ఎదురుగా తొమ్మిదో తరగతి పిల్ల.

```
తెలుపు: Kd4, Nf4, బంట్లు a5 b4 e3 g3 h4
నలుపు: Kd6, Bf7, బంట్లు a6 b5 d5 g6 h5
నలుపు ఎత్తు
```

బంట్లు సమానం. డ్రా అడుగుదామా అనుకుంటూ ఉన్నాను. అప్పుడు చూసుకున్నాను, నా బంట్లు అయిదూ తెల్లగళ్లలోనే ఉన్నాయి, బిషప్ కూడా తెల్లగళ్లదే. f4 గుర్రం ఒకేసారి d5 నీ, g6 నీ కొడుతోంది. f7 వదిలితే, ఒక్క ఎత్తులో చేరగలిగే ఏ గడి నుంచీ బిషప్ రెండింటినీ కాయలేదు. బిషప్ e8 కి పోతే g6 నిలుస్తుంది, కానీ d5 పోతుంది. నా రాజు దాన్ని తిరిగి కొట్టలేడు, తెల్లరాజు కాస్తున్నాడు. g8 కి పోతే d5 నిలుస్తుంది, g6 పోతుంది. e6 లో పెడితే గుర్రం బిషప్‌నే కొట్టేస్తుంది, ఆ తర్వాత తెల్లరాజు c5, b6 మీదుగా a6 బంటు దగ్గరికి నడిచిపోతాడు. నా రాజు c6 కి కదిలితే e5 దొరుకుతుంది, తెల్లరాజు లోపలికొస్తాడు. e7 కి కదిలితే c5 దొరుకుతుంది. g5 తోస్తే h బంటు కొట్టేస్తుంది. అక్కడ ఎత్తు లేకపోతే బాగుండేది, కానీ చెస్‌లో ఎత్తు వదిలేసే వీలు లేదు కదా. నాలుగు నిమిషాలు చూసి e8 కి పెట్టాను. ఆ పిల్ల d5 కొట్టి నీళ్లు తాగడానికి వెళ్లింది.

తప్పు ఆ ఎత్తులో జరగలేదు. ఇరవై ఎత్తుల ముందే జరిగింది. బిషప్‌తో గుర్రాన్ని మార్చుకునే అవకాశం వస్తే, 'బిషప్ కాస్త ఎక్కువ విలువ కదా' అని వదిలేశాను. ఆ తర్వాత a, b బంట్లకు నేనే గొళ్లెం వేశాను. గొళ్లేలు పడేకొద్దీ నా బంట్లు ఒక్కొక్కటే తెల్లగడిలో ఆగిపోయాయి. తాళంచెవి అంటూ నాకేదీ మిగలలేదు.

ఇంకో మాట. ఇదే పొజిషన్‌లో ఎత్తు తెలుపుదైతే నాకు ఊపిరి ఆడేది. గుర్రం ప్రతి ఎత్తుకీ గడి రంగు మారుస్తుంది, కాబట్టి ఎంత తిరిగినా ఒక ఎత్తు వృథా చేసి అదే గడికి రాలేదు. ఆ పని రాజుతోనే చెయ్యాలి, అదీ అన్నిసార్లూ కుదరదు. బిషప్‌కి ఆ ఇబ్బంది లేదు, ఒకే ఐమూల మీద అటూ ఇటూ జరిగి ఎత్తు ఎదుటివాడికి ఇచ్చేయగలదు, దారి ఉంటేనే సుమా.

ఎక్కడ ఈ లెక్క పనిచెయ్యదు

ఎదురుగా షామాట్ బెదిరింపు ఉన్నా, పావు ఊడిపోతున్నా ఈ అడుగులన్నీ పక్కన పెట్టి ముందు అది చూసుకోవాలి. రాజు ముందున్న ఏకైక కాపలా గుర్రమైతే, బోర్డు ఎంత తెరిచి ఉన్నా బిషప్ ఇచ్చి దాన్ని తీసెయ్యడం సరైనది కావచ్చు. అలాగే ఎదుటివాడికి రెండు బిషప్‌లూ ఉన్నప్పుడు, కాస్త మూసి ఉన్న పొజిషన్ కూడా మీ గుర్రాలకు భద్రం కాదు. రెండు రంగులూ వాళ్ల చేతిలో ఉంటాయి, ఓపిగ్గా తెరుస్తారు. అలాంటప్పుడు రెండింటిలో ఒకదాన్ని మార్చుకోవడం మీద ముందు దృష్టి పెట్టండి.

మొన్న ఆదివారం మా కుర్రాడికి మళ్లీ అదే ఆరో ఎత్తు పొజిషన్ వచ్చింది, నలుపు h6 తోసింది. చెయ్యి బిషప్ దాకా వెళ్లి ఆగింది. ముట్టుకుంటే కదపాల్సిందే కాబట్టి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని c7 బంటు వైపు చూశాడు. తర్వాత h4 వైపు చూశాడు, వింటర్ గుర్తొచ్చినట్టున్నాడు. నిజానికి ఇక్కడ Bh4, g5, Bg3 జరిగినా అంత ప్రమాదం లేదు, f2 దారి ఇంకా తెరిచే ఉంది, h బంటుతో g5 ని ఢీకొట్టొచ్చు. వాడు అంత దూరం లెక్కపెట్టాడో లేదో గానీ, Be3 ఆడి నల్ల బిషప్‌కి ఎదురుగా తన బిషప్‌ని పెట్టాడు. "కొడితే f బంటుతో కొడతాను సార్, ఏనుగుకి వరస తెరుచుకుంటుంది" అని గొణిగాడు. ఆట నడుస్తుండగా మాట్లాడకూడదని చెప్పి, గడియారం నొక్కమన్నాను.